చెత్తబుట్టలో పడని రొట్టె

"వంట బాగోకే పిల్లలు తిండి పారేస్తున్నారు. రేపటి తూకం చూశాక వంటమనిషిని మార్చేస్తాను," అన్నాడు మా నారిన్ ఊరి బడి డైరెక్టర్ తోక్తోబెక్.

ఆ తూకం ఏర్పాటు నాది, సైన్సు టీచర్ని. వంటింటి తుక్కుకు, వడ్డించక మిగిలినదానికి, పళ్లేల్లో వదిలినదానికి వేర్వేరు బకెట్లు పెట్టాను. ఖాళీ బకెట్ బరువు తీసేయాలి.

ముందుగా ఒకసారి తూచి చూస్తే రొట్టె ఒక్క ముక్కా లేదు. అనుమానమొచ్చి భోజనాల గది కిటికీ తెర లాగాను. కిటికీ గట్టు నిండా పిల్లలు దాచిన రొట్టెముక్కలే!

"రొట్టెని చెత్తలో ఎవరేస్తారే పిల్లా, పాపం కాదూ? మా ఆవుకి పట్టుకెళ్తా," అంది వంటమనిషి బురుల్.

"ఆవు సంగతి తర్వాత, ముందు నీ ఉద్యోగం చూసుకో అక్కా! రొట్టె లెక్కలోకి రాకపోతే వదిలేసేదంతా నీ వంటే అనుకుంటాడాయన," అన్నాను.

శుభ్రమైన గుడ్డ పరిచి రొట్టెకు వేరే పళ్లెం పెట్టాను. మర్నాడు పిల్లలు వదిలినదాంట్లో సగానికి పైగా రొట్టే. సూపు దాదాపు మిగల్లేదు.

తోక్తోబెక్ తూకం రెండుసార్లు చూశాడు.

"వంట ఇక మీదటా నువ్వే చెయ్యి బురుల్. రొట్టె ముక్కలు మాత్రం పల్చగా కొయ్యి."