గడియారం తలుపు దగ్గర మొదలు

ముప్పై రెండు స్లైడ్లు ఎవరూ చదవరు. చదవరని తెలిసే అన్ని చేస్తారు. వాటిని నడుము పడిపోయేలా కూర్చుని చేసింది ఇన్‌చార్జే. ఆసుపత్రి ఆపరేషన్ థియేటర్ల నుంచి వచ్చిన వాడిన పరికరాలను కడిగి, చూసి, ట్రేలలో సర్ది, ఆవిరిలో శుద్ధి చేసి మళ్లీ పంపే గది ఆమెది. మూడు నెలల్లో ఆ గదిలో పని ఎంత మెరుగుపడిందన్నదే ఆ స్లైడ్ల కథ.

మంగళవారం పొద్దున క్వాలిటీ ఆఫీసరు ఆమెను పిలిపించాడు. గురువారం కమిటీ కూర్చుంటుందట. పెద్ద డాక్టరుకు అన్ని స్లైడ్లు చూసే ఓపిక లేదట. ఒక్క పేజీ చాలట. ఎడమ పక్క 'ముందు', కుడి పక్క 'తర్వాత'. పైన పెద్దక్షరాల్లో 'మూడోవంతు సమయం ఆదా'. కుడి పక్క ఆఖరి గడిలో 'లెన్స్ బల్ల దగ్గర ఒక మనిషి మిగులు' అని రాయాలట.

మిగులు అంటే పిన్ని. గదిలో అందరికీ ఆమె పిన్నే, వయసులో పెద్దవాళ్లకు కూడా. పదకొండేళ్లుగా కాంట్రాక్టు మీదే ఉంది, ఆ కాగితం నెలాఖరుకు అయిపోతుంది. కత్తెర కీలు సందులో ఎండిపోయిన మరకను పిన్ని లెన్సు కింద పట్టుకున్నట్టు ఇంకెవరూ పట్టుకోలేరు. వేలెడంత పట్టకారును కూడా తెరిచి, మూసి, వెలుగుకు తిప్పి చూస్తేగాని అవతలకు పోనివ్వదు.

ఇన్‌చార్జి కాదనలేదు. పోయిన నెల మీటింగులో అందరి ముందూ నిలబడి మూడోవంతు, అంటే రెండు వందల పది నిమిషాల్లో డెబ్భై ఆదా అని చెప్పిందే తను. చప్పట్లు కూడా కొట్టించుకుంది. పిన్నికి వేరే విభాగంలో ఏదైనా చోటు అడుగుదాంలే అని మనసుకు సర్దిచెప్పుకుని తన సీటుకు వచ్చి కూర్చుంది.

పేజీ మధ్యలో గీత గీసింది. ఆరో స్లైడు తెరిచి ఎడమ పక్క పని మెట్లన్నీ వరసగా దింపింది. ఇరవై ఏడో స్లైడు తెరిచి కుడి పక్క దింపసాగింది. ఎడమ పక్క మొదటి వరస 'ట్రే తలుపు దగ్గర దిగడం'. రెండోది 'కడిగే మెషిన్‌లోకి వెళ్లేదాకా ఆగడం, ఇరవై ఎనిమిది నిమిషాలు'. కుడి పక్క మొదటి వరసే 'మెషిన్‌లో పెట్టడం'. ఎడమ పక్క రెండు గడులకు ఎదురుగా కుడి పక్క తెల్లగా ఉండిపోయింది.

ముందు తనే ఎక్కడో తప్పిపోయిందనుకుంది. ఇరవై ఏడు, ఇరవై ఎనిమిది, ముందుకూ వెనక్కూ తిరగేసింది. ఎక్కడా లేదు. రెండు స్లైడ్ల మధ్య ఇరవై ఒక్క స్లైడ్ల దూరం ఉన్నప్పుడు ఈ ఖాళీ ఎవరి కంటికీ ఆనలేదు. పక్కపక్కన పెట్టేసరికి ఊడిన పన్నులా కనిపించింది.

లేచి గదిలోకి వెళ్లింది. కడిగే చోట నిలబడే పెద్దాయన్ని అందరూ బాబాయి అంటారు. టైములు రాసే కొత్త ఫారంలో తలుపు దగ్గర టైము ఎందుకు లేదని ఆయన్నే అడిగింది.

"నువ్వే కదమ్మా తీసేశావు" అన్నాడు బాబాయి. "తలుపు దగ్గర గ్లౌజులకి రక్తం ఉంటుంది, కలం పట్టుకోలేం అన్నాం. అయితే మెషిన్ దగ్గరే రాయండి అన్నావు. మర్చిపోయావా?"

మర్చిపోయింది. వాళ్ల కష్టం చూసి మంచికే మార్చింది. లెక్క మొదలయ్యే గడియారాన్నే జరిపేశానన్న ధ్యాస లేకుండా మార్చింది.

ట్రాలీ తెచ్చేవాళ్లు తలుపు దగ్గర టైము గుద్ది ఇచ్చే చీటీలు కట్టలు కట్టి ఉన్నాయి. 'తర్వాత' లెక్కకు తీసుకున్న నలభై ట్రేల చీటీలు ఏరి, ఒక్కొక్కదాన్నీ మెషిన్ టైముతో కలిపి చూసింది. సాయంత్రమయ్యేసరికి నిజం బయటపడింది. తలుపు దగ్గర ట్రే ఆగే సమయం సగటున నలభై ఆరు నిమిషాలు. తగ్గలేదు సరికదా, పద్దెనిమిది నిమిషాలు పెరిగింది.

ఎందుకు పెరిగిందో ఒకరు చెప్పనక్కర్లేదు. అంతకుముందు పిన్ని ఉండేది తలుపు దగ్గరే. ఆమెను లెన్స్ బల్లకు మార్చింది ఇన్‌చార్జి. మార్చడంలో తప్పేమీ లేదు, సరిగా శుభ్రం కాలేదని థియేటర్ల నుంచి తిరిగొచ్చే ట్రేలు నూటికి ఆరు ఉండేవి రెండుకు పడ్డాయి. తలుపు దగ్గర మాత్రం ఆమె చోటులో ఎవరూ లేరు. ఆగిన ట్రేలో రక్తం ఎండుతుంది, ఎండిన రక్తం మెషిన్‌కు లొంగదు. అది మళ్లీ పిన్ని లెన్సు కిందికే వస్తోంది. మిగులు అని ఎవరిని రాయమన్నారో ఆ మనిషే ఆ గండిని కాస్తోంది.

పేజీ మళ్లీ మొదలుపెట్టింది. రెండు పక్కలా గడియారం తలుపు దగ్గరే మొదలు, ట్రే బయటికి పంపిన చోట ఆఖరు. ముందు రెండు వందల పది నిమిషాలు, తర్వాత నూట ఎనభై ఆరు. మెషిన్ నుంచి లోపలి పనిలో నలభై రెండు తగ్గాయి, తలుపు దగ్గర పద్దెనిమిది పెరిగాయి, మిగిలిన ఆదా ఇరవై నాలుగు. తిరిగొచ్చిన ట్రేలు ముందు నూటికి ఆరు, తర్వాత రెండు. ఎక్కడో పంతొమ్మిదో స్లైడులో మూలుగుతున్న ఆ అంకెను పైకి తెచ్చి పెట్టింది. మనుషుల వరసలో మిగులు అన్న మాట రాయలేదు. అట్టడుగున ఒక్క వాక్యం: పోయిన నెల చెప్పిన మూడోవంతు తప్పు, కొలత మొదలుపెట్టిన చోటు మారింది, ఆ మార్పు నాది.

బుధవారం ఆఫీసరు ఆ పేజీ చూసి కుర్చీలో వెనక్కి వాలాడు. ఇరవై నాలుగు నిమిషాలకు కమిటీ ఎందుకు, టీ తాగితే అయిపోతుంది కదా అన్నాడు. డెబ్భై అని పైకి చెప్పేశాం, ఇప్పుడు మాట వెనక్కి తీసుకుంటే పరువు పోతుందన్నాడు. ఆ తర్వాత గొంతు తగ్గించాడు.

"చూడమ్మా, రెండూ నిజమైన అంకెలే. ముందు రెండు వందల పది, అబద్ధమా? తర్వాత నూట నలభై, అబద్ధమా? మనం ఏదీ పుట్టించలేదు."

"రెండూ నిజమే సార్. పక్కపక్కన పెడితేనే అబద్ధం."

"ఆ కింద వాక్యమన్నా తీసెయ్. నీ మెడకి నువ్వే ఉరి తగిలించుకుంటావా?"

ఆమె ఆ వాక్యాన్ని మరోసారి చదువుకుంది. ఆ వాక్యం లేకపోయినా పిన్ని పని నిలబడవచ్చు, తన పరువూ నిలబడుతుంది. కానీ పాత అంకె ఇప్పటికే పది మంది నోళ్లలో ఉంది. తప్పు ఎక్కడ జరిగిందో రాయకపోతే రేపు ఎవడో ఆ డెబ్భైని తీసి మళ్లీ ఒక మనిషిని మిగులుగా లెక్కగడతాడు.

"ఉండనివ్వండి సార్" అంది.

గురువారం కమిటీ పావుగంటలో తేల్చేసింది. పెద్ద డాక్టరు పేజీ మీద వేలు పెట్టి పైనుంచి కిందికి జరిపి, నలభై ఆరు దగ్గర ఆపాడు. ఇది ఇంత ఎందుకని అడిగాడు. ఆమె చెప్పింది. పిన్ని కాంట్రాక్టు ఆరు నెలలు పొడిగించమన్నారు, తలుపు దగ్గర ఇంకో మనిషి సంగతి ఆ తర్వాత చూద్దామన్నారు. సాయంత్రం షిఫ్టులోనూ ఇదే పద్ధతి పెట్టే పని ఆమెకు అప్పగించి ఉంది, అది మాత్రం ఆమె చేతి నుంచి తీసేశారు. ఇకమీదట ఆమె కొలిచిన ప్రతి అంకె మీదా ఆఫీసరు సంతకం ఉండాలట. సంతకం ఆ ఆఫీసరుదే, చూశారా.

గదిలోకి వచ్చి పిన్నికి చెప్పింది. పిన్ని లెన్సు మీంచి కళ్లు ఎత్తలేదు.

"ఆరు నెలలంటే ఆరు నెలలే" అంది. "నీ సాయంత్రం షిఫ్టు పని తీసేశారటగా?"

"ఊఁ."

"నిన్ను అనుకుని లాభం లేదు గాని అమ్మాయీ, ముందు నువ్వు చెప్పిన ఆ మూడోవంతు మాటే నన్ను ఇక్కడిదాకా తెచ్చింది." కత్తెర తెరిచి వెలుగుకు తిప్పింది. "సరే, దిద్దావు. మరి ఆరు నెలలూ ఆ తలుపు దగ్గర ఎవరు?"

తలుపు అవతల ట్రాలీ ఆగిన చప్పుడైంది. ఇన్‌చార్జి గ్లౌజులు తొడుక్కుని వెళ్లి మొదటి ట్రే అందుకుంది.