చెల్లి పెళ్లికి అడ్డుపడిన తీర్పు

రిజిస్ట్రారు ఫోన్ చేసేసరికి నేను కోర్టు వరండాలో మా టైపిస్టును చీవాట్లు పెడుతున్నాను. "మీ చెల్లెలుగారు పెళ్లి దరఖాస్తు తెచ్చారు మేడమ్. ఒక చిక్కుంది, మీరు వస్తే బాగుంటుంది" అన్నాడాయన. నలభై ఆరేళ్ల మా చెల్లి మళ్లీ పెళ్లి చేసుకుంటోందని నాకు అలా తెలిసింది.

ఒళ్లు మండిపోయింది. వెళ్లేసరికి ఇద్దరూ రిజిస్ట్రారు బల్ల ముందు తప్పు చేసిన పిల్లల్లా కూర్చుని ఉన్నారు. పెళ్లికొడుకును చూడగానే గుర్తుపట్టాను. నెలకోసారి ఆగిపోయే మా కోర్టు లిఫ్టును బాగుచేసే మెకానిక్. చెల్లిది కళ్లద్దాల దుకాణం. ఆయన ఒకే ఫ్రేమును నాలుగుసార్లు సరిచేయించుకోవడానికి వచ్చాడని తనే ఒకసారి నవ్వుతూ చెప్పింది. ఆ నవ్వేమిటో అప్పుడే అర్థం కావాల్సింది, నా బుర్రకు తట్టలేదు.

నాకెందుకు చెప్పలేదని అడిగితే, "చెబితే నువ్వు మొత్తం నెత్తిన వేసుకుంటావక్కా" అంది నెమ్మదిగా.

బల్ల మీద చెల్లి మొదటి భర్త వేరే దేశంలో తెచ్చుకున్న విడాకుల తీర్పు ఉంది. అనువాదం, ముద్రలు, ధ్రువీకరణ, అన్నీ ఉన్నాయి. వాటితో పని అయిపోతుందని ఇద్దరూ అనుకున్నారట. ముద్రలు ఆ కాగితం అసలుదని మాత్రమే చెబుతాయనీ, అందులోని విడాకులు ఇక్కడ చెల్లుతాయని చెప్పవనీ రిజిస్ట్రారు వాళ్లకు ఓపిగ్గా వివరించాడు. తర్వాత వివాహాల రిజిస్టరు తెరిచి నా వైపు తిప్పాడు. చెల్లి పాత పెళ్లి పద్దు పక్కన ఎర్ర సిరాతో ఉంది: ఈ విదేశీ విడాకులు ఇక్కడ గుర్తింపు పొందవని మన కోర్టు ప్రకటించింది, వివాహం కొనసాగుతోంది.

ఆ ప్రకటన తెచ్చింది నేనే, చెల్లి లాయరుగా.

తొమ్మిదేళ్ల కిందటి మాట. మరిది ఉద్యోగం పేరుతో వెళ్లి, ఆ దేశంలో ఒక గది అద్దెకు తీసుకుని, ఆరు వారాలు ఉండి విడాకులకు వేశాడు. నోటీసు వాళ్లిద్దరూ రెండేళ్ల ముందే ఖాళీ చేసిన ఇంటికి పంపించాడు. అది తిరిగి వెళ్లింది. అక్కడి పత్రికలో చిన్న ప్రకటన వేయించాడు. ఇక్కడ కూర్చుని అద్దాలు అరగదీసుకుంటున్న మనిషికి అది ఎలా కనబడుతుంది? చెల్లి రాలేదని రాసుకుని, ఆమె మాట ఒక్కటీ వినకుండా ఆ కోర్టు విడాకులు ఇచ్చేసింది. కాపురం ఇక్కడ, భార్య ఇక్కడ, ఆ దేశంతో వాళ్ల పెళ్లికి ఆ అద్దెగది తప్ప సంబంధమే లేదు. ఇంతకంటే కొట్టేయడానికి అనువైన తీర్పు ఏ లాయరుకూ దొరకదు. "పోనీలే అక్కా, పోయినవాణ్ని పోనీ" అంది చెల్లి. నేను ఊరుకుంటానా? మూడు వాయిదాల్లో ఎగరగొట్టి పారేశాను. కోర్టులో అందరూ వచ్చి చేతులు కలిపారు. దానివల్ల తను ఇంకా ఆయన భార్యగానే మిగిలిందని మాత్రం చెల్లికి విడమరిచి చెప్పిన గుర్తు లేదు.

ఇప్పుడు చెల్లి అడిగింది, "అంటే నేనింకా ఆయన భార్యనేనా?"

"ఇక్కడ భార్యవే. అక్కడ కాదు."

"విమానం ఎక్కితే విడాకులు, దిగితే కాపురమా?" అని పకపకా నవ్వింది. మెకానిక్ నవ్వలేదు.

"నాకు నోటీసు అందలేదు, అయినా ఈ విడాకులు నాకు సమ్మతమే" అని ఆ రోజుల్లో చెల్లి అని ఉంటే ఏ కోర్టయినా ఆలోచించేదేమో. మన కోర్టు చెల్లవని తేల్చాక ఆ దారి మూసుకుపోయింది. మూసి గడియ పెట్టింది నేను. ఇక మిగిలింది ఒక్కటే: ఇక్కడే కొత్తగా విడాకులు తీసుకోవడం. అవి చేతికి వచ్చేదాకా పెళ్లి చేసుకుంటే ఆ పెళ్లి చెల్లదు, పైగా నేరం.

మరిది ఒప్పుకుంటే పని త్వరగా తెములుతుంది. ఒప్పుకోకపోతే వదిలి వెళ్లిపోయాడని రుజువు చేస్తూ ఏళ్లు గడపాలి. ఆయన ఎందుకు ఒప్పుకుంటాడు? ఇక్కడి కోర్టుకు వచ్చాడంటే, అక్కడ చేసుకున్న రెండో పెళ్లి ఇక్కడ లెక్కలోకి రాదని తన నోటితో ఒప్పుకున్నట్టే. ఇద్దరు పిల్లలు కూడానట. ఇది తలచుకుని నాకు తిండి సయించలేదు.

ఆయన ఎగ్గొట్టినవన్నీ నేను తు.చ. తప్పకుండా చేశాను. సరైన చిరునామా కనుక్కున్నాను. కాగితాలు ఆ దేశ భాషలోకి మార్పించి, మన కోర్టు ద్వారా అక్కడి అధికారులకు పంపించాను. వాళ్లు ఆయన చేతికే ఇచ్చి సంతకం తీసుకున్నారు. దీనికి అయిదు నెలలు పట్టింది. వెంట పెట్టడానికి ఒక ఉత్తరం కూడా రాశాను. చెల్లి దుకాణంలో కూర్చుని, అద్దాలు తుడుస్తూనే అందులోని తిట్లన్నీ ఏరి కొట్టేసింది. చివరికి నాలుగు వాక్యాలు మిగిలాయి.

ఆయన నాకు కాదు, చెల్లికి ఫోన్ చేశాడు. గంటసేపు మాట్లాడుకున్నారు. నేను దుకాణం బయట పళ్లు నూరుకుంటూ నిలబడ్డాను. తర్వాత చెల్లి వచ్చి, ఒప్పుకున్నాడని చెప్పింది. తన పిల్లల్ని ఇక్కడికి తీసుకురావాలన్నా దొంగలా రావాల్సి వస్తోందని బాధపడ్డాడట. ఇక్కడి విడాకులు అయ్యాక, అక్కడి భార్యనే మళ్లీ చట్టప్రకారం పెళ్లి చేసుకుంటాడట. ఒక్కటే షరతు: "వదినగారు అరవకపోతే చాలు."

నేను అరవలేదు. గడువులన్నీ అయ్యాక విచారణ రోజున మరిది వీడియో కాల్‌లో తెర మీద కనిపించాడు. జుట్టు పలచబడి, కంగారు పడుతూ ఉన్నాడు. నోటీసు అందిందా, ఈ కోర్టు అధికారాన్ని ఒప్పుకుంటున్నారా, మీ ఇష్టంతోనే అడుగుతున్నారా అని జడ్జిగారు ఒక్కొక్కటే అడిగారు. అన్నిటికీ అవునన్నాడు. తర్వాత చెల్లి వైపు తిరిగి, "మిమ్మల్ని ఎవరైనా ఒత్తిడి చేశారా అమ్మా?" అని అడిగారు.

చెల్లి ఒక్కసారి నా వైపు చూసింది.

"ఈసారి లేదండీ."

జడ్జిగారు రాసుకున్నారు. నేను తలదించుకుని ఫైలు సర్దుకున్నట్టు నటించాను.

బయటికి వచ్చాక వరండా చివర ఆపి అడిగాను. "అప్పుడు ఆ కేసు వేయడం నీకు ఇష్టం లేదని నాకు గట్టిగా ఎందుకు చెప్పలేదే? తొమ్మిదేళ్లు పోయాయి."

చెల్లి నా నల్లకోటు కాలరు సరిచేసింది. "ఆయన వెళ్లిపోయినప్పుడు అందరూ నన్ను జాలిగా చూశారు. నా కోసం కోపం తెచ్చుకున్నది నువ్వొక్కదానివే. నేను వద్దంటే నీ కోపం కూడా పోతుందేమో, ఇక నాకెవరూ మిగలరేమో అని భయమేసింది. అందుకే సంతకం పెట్టమంటే పెట్టాను."

దాన్ని గట్టిగా పట్టుకున్నాను, వచ్చేపోయే లాయర్లు చూస్తున్నా వదలలేదు. మెకానిక్ కాస్త దూరంలో నిలబడి, మొదటిసారిగా నన్ను "వదినగారూ" అని పిలిచి మంచినీళ్లు అందించాడు.

అప్పీలు గడువు ముగిసిన మర్నాడు రిజిస్ట్రారు దగ్గర చెల్లి పెళ్లికి సాక్షి కావాలన్నారు. చెల్లి ఎక్కడ చూపిస్తే అక్కడ, ఒక్క మాటైనా మాట్లాడకుండా సంతకం పెట్టాను.