నాలుగు పేజీల కృతజ్ఞతలు

మునీర్ థీసిస్‌లో నూట ఎనభై పేజీలు పులికాట్ సరస్సు పీతలవి, నాలుగు పేజీలు కృతజ్ఞతలవి. పీతలను గైడ్ డెబోరా గారు అప్పటికే మూడుసార్లు దిద్దారు. కృతజ్ఞతలే మిగిలాయి. శుక్రవారం బైండింగుకు ఇవ్వాలి, వచ్చే సోమవారం యూనివర్సిటీలో సమర్పించాలి. ఆ రోజు తప్పితే మళ్లీ ఆరు నెలల గడువు కోసం అర్జీ పెట్టుకోవాలి. ఇంత తొందరలో ఆ నాలుగు పేజీలు ఎవరు చదువుతార్లే అనుకున్నాడు మునీర్. డెబోరా గారు పెన్సిల్ చెక్కుకుని మరీ కూర్చున్నారు.

"వైస్ ఛాన్సలర్ గారికి ఏడు లైన్లు. ఆయన్ని నువ్వెప్పుడన్నా చూసినావా?"

"స్నాతకోత్సవం ఫొటోలో చూసినాను మేడం."

ఏడు లైన్లూ పోయాయి. రిజిస్ట్రారు పోయాడు, డీన్ పోయాడు, ఎప్పుడో ఒకసారి కాలేజీకి వచ్చి శాలువా కప్పించుకుపోయిన ఎమ్మెల్యే కూడా పోయాడు. తరవాత తన పేరు దగ్గర ఆగి ఆవిడ నిట్టూర్చారు.

"నన్ను విజ్ఞాన సముద్రం చేసినావు, వాత్సల్య హిమాలయం చేసినావు. ఇంక నేను ఈ గదిలో ఎట్టా పట్టేది? నీ పట్టికలు దిద్దినాను, లెక్క తప్పినప్పుడు మళ్లీ చేయించినాను. అది రాయి చాలు."

ఆవిడ పద్ధతి ఒకటే. ప్రతి పేరు పక్కనా పెన్సిల్ ఆనించి "ఏం చేసినాడు?" అని అడగడం. జవాబు చేసిన పని రూపంలో వస్తే ఆ పేరు ఉంటుంది. "ఆశీస్సులు", "ప్రోత్సాహం", "వెన్నుదన్ను" అని నసిగితే కొట్టివేత. వరస కూడా చెప్పారు. ముందు గైడు, పరిశోధన కమిటీ. తరవాత ఫెలోషిప్ ఇచ్చినవాళ్లు, సరస్సులో తిరగడానికి అనుమతిచ్చిన అటవీశాఖ. ఆపైన ఫీల్డులో, ల్యాబులో పని చేసినవాళ్లు. చివర స్నేహితులు, ఇంటివాళ్లు.

"దేవుడు మేడం?"

"నీ ఇష్టం. మొదట్లోనే పెట్టుకో. ఒక్క వాక్యం చాలు, ఆయన పొడుగు చూడడు."

మూడో పేజీలో ఆవిడ పెన్సిల్ పక్కన పెట్టి, కళ్లజోడు పైనుంచి అతణ్ణి చూశారు.

"ఓర్పుతో నా వెంట నడిచిన నా జీవిత భాగస్వామికి... నికా ఎప్పుడయ్యిందబ్బా? మాకు బిర్యానీ పెట్టలేదే?"

మునీర్‌కు తల కొట్టేసినట్టయింది. అతనికింకా సంబంధాలు కూడా చూడటం లేదు. ఆ పేజీలు అతనివి కావు, సీనియర్ మస్తాన్‌వి. మస్తాన్ తన సీనియర్ దగ్గర తీసుకున్నాడు. ఆ డిపార్టుమెంటులో కృతజ్ఞతలు పెళ్లిపీటల్లాగా చేతులు మారుతూ వస్తాయి, ఎవరికి వాళ్లు పేర్లు మార్చుకుంటారు. మునీర్ పేర్లన్నీ మార్చాడు. ఆ లైనులో పెళ్లాం పేరు లేకుండా ఉండబట్టి కంటికి ఆనలేదు.

ఇంతవరకు అయితే నవ్వుకుని మరిచిపోయే సిగ్గే. నాలుగో పేజీ అడుగున ఇంకోటి ఉంది. "పులికాట్ పరిసరాల మత్స్యకారులకు, వారి సహకారానికి." అంతే, అరలైను.

"నిన్ను రెండేళ్లు పడవలో తిప్పినోళ్లకు ఇంతేనా? పేర్లు లేవా వాళ్లకు?"

"ఉన్నాయి మేడం. వెంకయ్య అని... ఆయన కూతురు ఉష."

"ఏం చేసినారు?"

"వెంకయ్యన్న పడవ నడిపినాడు, పీతలు ఏ కయ్యలో, ఏ పాయలో దొరకతాయో చూపించినాడు."

"ఉష?"

"సాయం... సాయం చేసింది మేడం."

"ఏం సాయమో రాసుకుని రేపు రా. పేరు వేసేముందు వాళ్లనొక మాట అడుగు. పేరు అచ్చులో పడటం అందరికీ ఇష్టం ఉండదు."

లైబ్రరీలో కూర్చున్నాడు. మొదటి మూడు పేజీలు గంటలో ముక్కాలు పేజీ అయ్యాయి, అలా అయ్యేసరికి చదవడానికి హాయిగా కూడా ఉన్నాయి. సూళ్లూరుపేటలో టైలరింగు చేసే తండ్రి ఇమామ్ సాహెబ్‌కు మస్తాన్ ఫైలు నుంచి వచ్చిన "త్యాగమూర్తి" తీసేసి, ఫీల్డు సంచులన్నీ కుట్టిచ్చాడని రాశాడు. అది నిజం. ఉష పేరు రాసి, ఆ పక్కన ఏం రాయాలో తెలియక పెన్ను అలాగే పట్టుకుని కూర్చున్నాడు.

తెలియక కాదు. తెలిసే.

రెండేళ్లలో నెలకు నాలుగు రోజులు సరస్సు మీదికి వెళ్లాలి. పట్టిన ప్రతి పీత డిప్ప వెడల్పు వెర్నియర్ కొలబద్దతో కొలవాలి, తూకం వెయ్యాలి, ఆడదో మగదో కడుపు కింద మడత చూసి రాసుకోవాలి, వదిలెయ్యాలి. మొదటి ఏడాది అంతా వెళ్లాడు. రెండో ఏడు నవంబరులో జూనియర్ లెక్చరర్ పరీక్ష కోచింగు తగిలింది. వెర్నియర్, కాటా ఉష చేతికిచ్చి నెల్లూరులో గది తీసుకున్నాడు. ఉష డిగ్రీ రెండో ఏడు చదువుతోంది. పని అప్పటికే చూసి నేర్చుకుంది. వాయుగుండం వానల్లో, ప్లాస్టిక్ పట్టా కింద కూర్చుని, ప్రతి పీతనూ కొలిచి, నోటు పుస్తకం పేజీలు ఫోన్లో ఫొటోలు తీసి పంపేది. ప్రతి పేజీ అడుగునా సంతకం పెట్టేది. కొలిచినవాళ్లే సంతకం పెట్టాలని చెప్పింది మునీరే. ఆ పేజీలన్నిటినీ తన దస్తూరీలో శుభ్రంగా ఎత్తి రాసుకుని, తన సంతకం పెట్టుకుందీ మునీరే. మూడో అధ్యాయంలో "ఇరవై నాలుగు నెలల కొలతలన్నీ పరిశోధకుడే స్వయంగా తీసినవి" అని టైపు చేసిందీ అతనే. పరీక్ష మాత్రం పోయింది.

ఏరు దాటి తెప్ప తగలేయడమంటే ఇదే. ఇతనింకా ఒడ్డుకైనా చేరలేదు, అప్పుడే అగ్గిపుల్ల గీశాడు.

ఉష చేసిన పని ఉన్నదున్నట్టు రాస్తే మూడో అధ్యాయం అబద్ధమవుతుంది. రాయకపోతే డెబోరా గారు మళ్లీ పెన్సిల్ ఆనిస్తారు. ఇన్నాళ్లూ ఆ అరలైను బద్ధకంతో రాశాననుకుంటున్నాడు. కాదు, దాచిపెట్టడానికి రాశాడు. ఆ సంగతి తనకు తానే ఒప్పుకునేసరికి చెవులు వేడెక్కాయి, ఎదురుగా చదువుకుంటున్న పిల్లలు తననే చూస్తున్నారనిపించింది. వాళ్లెవరూ చూడటం లేదు.

మర్నాడు గైడ్ గదిలో నిలబడే చెప్పాడు. కూర్చోమన్నా కూర్చోలేదు. డెబోరా గారు కళ్లజోడు తీసి బల్లమీద పెట్టారు.

"ఇది నీ సొంత పనేనని సర్టిఫికెట్ మీద నేను సంతకం పెట్టినాను మునీర్."

తిడితే బాగుండుననుకున్నాడు. ఆవిడ తిట్టలేదు.

"వేరేవాళ్లు కొలవడం తప్పు కాదు. నువ్వే నేర్పించినావు, ఆ పిల్ల సరిగ్గానే చేసినట్టుంది. తను చేసింది నువ్వు చేసినట్టు రాసుకున్నావు చూడు, అది తప్పు. ఆ అసలు పేజీలు ఉన్నాయా?"

"ఫొటోలు నా దగ్గర ఉన్నాయి. పుస్తకం ఉష దగ్గర ఉంది."

"అనుబంధంలో పెట్టు. మూడో అధ్యాయం మార్చు. ఏ నెలల కొలతలు ఎవరివో పట్టికలో కూడా చూపించు. కమిటీకి నేను లెటర్ రాస్తాను, సోమవారం కుదరదు. గడువు ఎందుకు కావాల్సొచ్చిందో కూడా అందులో రాస్తాను." కృతజ్ఞతల కాగితం అతని చేతికిచ్చారు. "ముందు ఉష గురించిన వాక్యం రాసి ఆ పిల్లకు చూపించు. అవును, ఇట్టానే జరిగింది అని ఆ పిల్ల చెప్తేనే నా సంతకం. లేకుంటే లేదు."

ఉష దగ్గరికి బయల్దేరాడు. రైలు గూడూరు దాటేలోపే వాక్యం తయారైంది. సిగ్గుపడ్డవాడి చేతికి విశేషణాలు తొందరగా దొరుకుతాయి. "నవంబరు నుంచి జనవరి వరకు మూడు నెలలు, ప్రతికూల వాతావరణంలో, అకుంఠిత దీక్షతో కొలతలు తీయడంలో అమూల్యమైన సాయం చేసిన కుమారి ఉషకు." దాని కిందే థీసిస్ కోసం రాసుకున్న ఇంగ్లీషులో ఇంకా గంభీరంగా ఉంది. రెండుసార్లు చదువుకుని, పర్వాలేదు, రుణం తీరింది అనుకున్నాడు.

వెంకయ్య రేవు దగ్గర వల బాగుచేసుకుంటున్నాడు. పేరు అచ్చులో వెయ్యొచ్చా అంటే ముఖం విప్పారింది.

"ఏసుకో నాయనా. ఇంటిపేరు కూడా ఏస్తావా?"

మునీర్ పెన్ను తీశాక గానీ గుర్తుకు రాలేదు. ఆయన ఇంట్లో రెండేళ్లు పులుసన్నం తిన్నాడు, ఇంటిపేరు మాత్రం ఏనాడూ అడగలేదు. ఆయన నొచ్చుకోలేదు, తానే చెప్పి, ఇంగ్లీషులో రాయించుకుని చూసుకుని మళ్లీ వల అందుకున్నాడు.

ఉష కాగితం తీసుకుని పడవ అంచున కూర్చుంది. మునీర్ నిలబడ్డాడు. మూడో అధ్యాయంలో ఏం రాశాడో, తన పేజీలను ఎలా ఎత్తి రాశాడో అంతా చెప్పాడు. ఆ పిల్ల కాగితం చదివి, పెన్ను అడిగి తీసుకుంది.

"మూడు కాదన్నా, నాలుగు. ఫిబ్రవరి కూడా నేనే."

"ఫిబ్రవరిలో నేను వచ్చినాను గదమ్మా."

"వచ్చినావు. ఫోన్లో పరీక్ష కీ చూసుకుంటా గట్టుమీదే కూచున్నావు. నాలుగు రోజులూ."

అతను మరిచిపోయాడు. నిజంగానే మరిచిపోయాడు, అది ఇంకా చెడ్డగా తోచింది. ఉష మూడును నాలుగు చేసింది, జనవరిని ఫిబ్రవరి చేసింది. "అకుంఠిత" దగ్గరికి వచ్చి దీక్షతో సహా కొట్టేసింది. "అమూల్యమైన" కొట్టేసింది. పేరు వెయ్యడానికి తనకేం అభ్యంతరం లేదంది. తరవాత వాక్యం చివర్న పెన్ను ఆగింది.

"కొలతలు తీయడంలో సాయం చేసింది అని రాసినావు."

"అవునమ్మా. ఇంకేమన్నా కలపమంటావా?"

"కలపొద్దు." కోపం లేదు ఆ గొంతులో, లెక్క సరిచూసుకుంటున్నట్టు అడిగింది. "నువ్వు కొలస్తా ఉంటే నేను పీత పట్టుకున్నాననుకో, అది సాయం. ఆ నాలుగు నెలలూ నేను ఎవరికి సాయం చేసినానన్నా? ఆడ ఎవరున్నారు?"

వెంకయ్య వలలోంచి తలెత్తి ఇద్దరినీ చూశాడు. మునీర్ గైడ్ ముందు ఒప్పుకున్నాడు, రేపు కమిటీ ముందూ ఒప్పుకుంటాడు. అవన్నీ కాగితాల మీది రాతల గురించిన ఒప్పుకోళ్లు. ఆ పిల్ల ముఖం చూసి చెప్పాల్సిన ముక్క మాత్రం ఇంతవరకు నోటివెంట రాలేదు. మునీర్ పడవ పక్కన ఇసుకలో కూలబడ్డాడు.

"ఎవరూ లేరమ్మా," అన్నాడు. "నేను లేను."

ఉష "తీయడంలో సాయం చేసిన" కొట్టేసి, పైన "తీసిన" అని రాసి, కాగితం అతని చేతికిచ్చింది.