దివాకర్ వరుస

కంబదూరు దగ్గర బీడుగుట్ట మీద మొక్కలు నాటడానికి మనుషులు కావాలని నారాయణమ్మ పత్రికలో చిన్న ప్రకటన వేయించింది. కర్నూలులో గుమస్తాగా ఉన్న దివాకర్ ఉత్తరం రాశాడు. పెళ్ళి కాలేదు, తొమ్మిది రోజుల సెలవు చేతిలో ఉంది. ఆరు రోజులు పని, మూడు రోజులు పెనుకొండ, లేపాక్షి చూసి రావడం. ఊరికే తిరిగి రావడం కంటే ఇది బాగుంటుందనుకున్నాడు.

నారాయణమ్మ జవాబు పోస్టుకార్డు మీద వచ్చింది. ఆమె టీచరు ఉద్యోగం మానేసి ఆ గుట్ట మీద చెట్లు పెంచడానికి చిన్న సంఘం పెట్టిన మనిషి. పొద్దున ఆరు నుంచి పదిన్నర దాకా, సాయంత్రం నాలుగు నుంచి చీకటి పడే దాకా పని. బడి గదిలో నేల మీద పడక. రెండు పూటలా సంగటి. "మొదటి రోజు పని చేసి చూడండి. సరిపడకపోతే రెండో రోజు వెళ్ళిపోవచ్చు, ఎవరూ ఏమీ అనుకోరు. వరుస తీసుకున్నాక మాత్రం మధ్యలో వదలకండి" అని రాసింది.

అది ఎనభై అయిదు ఆగస్టు. గుంతలు ఎండాకాలంలోనే తవ్వించి ఉంచారు. వచ్చిన ఆరుగురికీ తలా నలభై గుంతల వరుస ఇచ్చారు. ఎవరి నలభై అయితే వాళ్ళకు సెలవు, మిగిలిన రోజులు వాళ్ళిష్టం.

ఎలా నాటాలో గంగక్క చూపించింది. ఆమె ఆ ఊరి మనిషే, మొగుడు పోయాడు, ఇద్దరు పిల్లలు. మొక్కలకు రెండేళ్ళు నీళ్ళు పోసే పని సంఘం ఆమెకిచ్చింది. ముందురోజే తడిపి ఉంచిన కానుగ మొక్కను చేతిలోకి తీసుకుని, బ్లేడుతో ప్లాస్టిక్ సంచిని నిలువునా కోసి తీసేసి, మట్టి ముద్ద చెదరకుండా గుంతలో దించింది. చుట్టూ మట్టి పోసి కాలితో తొక్కింది.

"సంచి తీయకపోతే వేర్లు ఆన్నే చుట్టుకొంటాయప్పా. యాడికి పోతాయి? పైన నెల రెండు నెలలు పచ్చగా ఉంటాది. ఆమైన సచ్చిపోతాది" అంది.

మొదటి రోజు దివాకర్‌కు చాలా బాగుంది. చేతులు బొబ్బలెక్కినా అందులోనూ ఒక గర్వముంది. సాయంత్రం నారాయణమ్మ అడిగింది: "ఏమప్పా, సరిపోతుందా? నిజం చెప్పు. పోయేదుంటే పొద్దున్నే బస్సుండాది."

"సరిపోతుందమ్మా" అన్నాడు. అప్పటికి అది నిజమే.

మూడో రోజుకు అబద్ధమయింది. వాన రాలేదు. నాటిన ప్రతి మొక్కకూ అరమైలు దూరంలోని బావి నుంచి కుండ మోయాలి. గాలి దుమ్ము కళ్ళలో పడుతోంది. సంగటి గొంతు దిగడం లేదు. పోతానని చెప్పడానికి సిగ్గు. తనతో వచ్చిన రైల్వే గుమస్తా వీరప్ప రెండో రోజు పొద్దున్నే, "నాతో కాదమ్మా" అని నారాయణమ్మతో చెప్పి, ఆమె పెట్టిన మజ్జిగ తాగి వెళ్ళిపోయాడు. ఎవరూ ఏమీ అనుకోలేదు. వెళ్ళినవాణ్ణి చూసి మనసులో నవ్వుకున్నది దివాకర్ ఒక్కడే.

నాలుగో రోజు సాయంత్రం అతనికి పద్దెనిమిది మొక్కలు మిగిలాయి. తడి చాలక, సంచి కోస్తే మట్టి ముద్ద రాలిపోతోంది. మొదటిది అలాగే చెదిరింది. రెండోదాన్ని సంచితోపాటే గుంతలో దించి మట్టి కప్పాడు. పైకి ఏ తేడా లేదు. మిగిలిన పదహారూ అలాగే నాటాడు. తరువాతి వరుసలో ఉన్న గంగక్క తలెత్తి, "బిర్నే అయిపాయనే" అని అతని వేగాన్ని మెచ్చుకుంది.

అయిదో రోజు పొద్దున బస్సెక్కాడు. పెనుకొండ కోట ఎక్కాడు, లేపాక్షిలో రెండు రోజులున్నాడు. అంత హాయిగా ఎన్నడూ లేడు. కర్నూలులో అందరికీ చెప్పాడు, పనీ విహారమూ కలిస్తేనే మనిషికి తృప్తి అని. చెప్పగా చెప్పగా తనూ నమ్మాడు. మరుసటి ఆగస్టులో మళ్ళీ వచ్చాడు.

నారాయణమ్మ అతన్ని చూసి సంతోషించింది. "రెండోసారి వచ్చినోడివి నువ్వొక్కడివే. పోయినేడు నీ వరుసలో సగం పోయినాయి. ఆన్నే మళ్ళా నాటు."

"గంగక్క లేదా?"

"తీసేసినాం. నీళ్ళు పోయకుండా పోసినానని చెప్పింది. నీ వరుసలో ఒక కొసన పదిహేడు చెట్లు వరసగా ఎండిపోయినాయి. దూరమని ఆడికి కుండ మోయలేదు. ఊర్లో అందరి ముందర అడిగినా. పోసినా పోసినా అని ఏడ్చింది గానీ, చెట్లు సచ్చినాయి కదా."

దివాకర్ గుట్టెక్కి, ఆ కొసన మొదటి ఎండు పుల్లను లాగాడు. సంచితో సహా ఊడొచ్చింది. లోపల వేళ్ళు చుట్టలు చుట్టుకుని గట్టిగా బిగుసుకుపోయాయి. తక్కినవీ పీకాడు. పదిహేడూ అంతే. ఎవరూ చూడటం లేదు. వాటిని బండరాళ్ళ సందులో కుక్కేయడం సులభం. కాసేపు అక్కడే కూర్చుని, తరువాత అన్నీ ఒడిలో వేసుకుని దిగివచ్చి నారాయణమ్మ ముందు పోశాడు.

ఆమె ఒక సంచిని చేతిలోకి తీసుకుని వేళ్ళ చుట్టలు చూసింది. "నాకు చెప్తే ఏం లాభం? దాన్ని దొంగ అన్నది ఊరి ముందర. ఊరి ముందర చెప్పు, నేనూ వస్తా" అంది.

గంగక్క కళ్యాణదుర్గం రోడ్డు పక్కన కంకర కొడుతోంది. దివాకర్ వెళ్ళి చెప్పినదంతా సుత్తి ఆపకుండా వింది. "చెప్పప్పా. నా బిడ్డను బడిలో నీళ్ళదొంగ కూతురంటాండారు. చెప్పు" అంది.

ఆ సాయంత్రం బడి ముందు దివాకర్ చెప్పాడు. నారాయణమ్మ సంచులు చూపించింది. గంగక్క స్థానంలో ఇప్పుడు నీళ్ళు పోస్తున్నది హనుమంతమ్మ. ఆమె అన్న ఆదెన్న లేచాడు.

"సంచులు యాడన్నా దొరుకుతాయి. కర్నూలు సారు ఏడాదికొకసారి వచ్చేది చెట్లకా, ఇంగ దేనికన్నానా? ఆ గంగక్క కోసరం ఇంత దూరం వచ్చి తప్పు నెత్తిన ఏసుకొంటాండాడంటే, ఊరికేనా?"

ఎవరో నవ్వారు. తరువాత చాలామంది నవ్వారు. నారాయణమ్మ గట్టిగా అరిచినా వినలేదు. దివాకర్ "కాదు, నిజం" అన్నాడు. అన్నకొద్దీ నవ్వు పెరిగింది. గంగక్క తల పైకెత్తలేదు. పెద్దబిడ్డ చెయ్యి పట్టుకుని జనంలోంచి నడిచి వెళ్ళిపోయింది.

మరునాడు కంకర మేస్త్రీ ఆమెను పనిలోకి రానివ్వలేదు. అలాంటిదాన్ని పెట్టుకుంటే తక్కిన ఆడవాళ్ళు రారన్నాడు. దివాకర్ ఆమె గుడిసె దగ్గరికి వెళ్ళాడు. ఆమె గడప దాటి రాలేదు.

"పోయినేడు దొంగనంటిరి. ఇంగ ఆ మాట అనరులే. నువ్వు ఈడ నిలబడాకప్పా, చూస్తాండారు."

నారాయణమ్మ అతని సంచీ బడి గది బయట పెట్టి ఉంచింది. "నీకు ఇది సరిపడదు దివాకర్. మొదటి దినమే అడిగినా. నెలల తరబడి నీళ్ళు మోసినా దాన్ని నేను నమ్మలేదు, ఒక్క మాటకు నిన్ను నమ్మినా. ఆ తప్పు నాది, నేను మోస్తా. నువ్వు మాత్రం మళ్ళా రావద్దు."

పెనుకొండ బస్సు పదింటికి వచ్చింది. కర్నూలు బస్సుకు మధ్యాహ్నం దాకా ఆగాలి, బడి ముందు కూర్చున్నవాళ్ళు అతన్నే చూస్తున్నారు. అతను పెనుకొండ బస్సెక్కాడు. సెలవు ఇంకా ఏడు రోజులుంది.