నూగు కింద గుడ్లు

ఇరవై రోజుల మొక్కజొన్నలో ఈరక్క ఒక ఆకు తిప్పి చూసింది. బూజులాంటి నూగు కింద కత్తెర పురుగు గుడ్లున్నాయి. పక్క మొక్కల్లో అప్పుడే పుట్టిన పిల్లపురుగులు ఆకు పచ్చదనాన్ని గీకి తిని, తెల్లని పొర మిగిల్చాయి.

"ఈ పొద్దు సాయంత్రమే మందు కొట్టల్ల," అంది మొగుడితో.

"అమాస కదమే! ఆకులకు బొక్కలు పడినాక చూద్దాంలే," అన్నాడు మద్దిలేటి.

"పోయినేడు బొక్కలు పడేదాకా ఉంటివి. పురుగు ముదిరి మొక్క నడిమి ఆకుల సుడిలో దూరి, రెట్టతో తలుపేసుకునె. మందు దిగలే, కంకి దక్కలే. పురుగుకు అమాస ఉండాదా?"

మద్దిలేటి గుడ్ల ముద్దను వేళ్లతో నలిపాడు. పొద్దు వాలాక, బతుకులో మొదటిసారి అమావాస్యనాడు ట్యాంకు భుజానికెత్తుకుని, ప్రతి సుడిలోకీ మందు దిగేలా కొట్టాడు. ఈరక్క ముందు నడుస్తూ ఆకులు తిప్పుతోంది.