నీలిరంగు చూసి మురిసిన కంపౌండరు

కృపానిధి కంపౌండరుకు తన గాజుగొట్టం మీద మహా నమ్మకం. గొట్టంలో నీలిమందు పోసి, ఎనిమిది చుక్కల మూత్రం వేసి, స్పిరిటు దీపం మీద మరిగించి రోగి జాతకం చెప్పేసేవాడు. ఇటుకరంగు తేలితే చక్కెర మెండు, ఆకుపచ్చ అయితే కాస్త, నీలం నీలంగానే ఉంటే లేనట్టు. చీపురుపల్లి దగ్గర ఒక చిన్న మిషను ఆసుపత్రిలో పదిహేనేళ్ళుగా అదే పని. అంతటి పనిమంతుడు కట్టుకున్నదాని దగ్గరకొచ్చేసరికి కళ్ళుండీ గుడ్డివాడయ్యాడు.

అతని భార్య ఎలీసమ్మ ఊరూరా తిరిగి ఆడవాళ్ళకు బైబిలు చదివి చెప్పే మనిషి. రెండేళ్ళుగా చక్కెర జబ్బు. రోజుకొక మాత్ర మింగుతున్నా పంతొమ్మిది వందల అరవై ఎనిమిదిలో కాలి పుండు మానడం మానేసింది. డాక్టరు జ్ఞానసుందరి గారు ఆవిడ కంచం మీద పడ్డారు. పొద్దుటి చద్దన్నం బంద్, రాత్రి అన్నం బంద్, మధ్యాహ్నం గుప్పెడు. మిగతాదంతా గుడ్లు, చేపలు, ఆకుకూరలు, మజ్జిగ.

“అన్నం తగ్గితే మాత్ర కూడా తగ్గించాలి, కృపానిధీ. రంగు మారగానే నాకు చెప్పు,” అన్నారు డాక్టరమ్మ.

మూడు వారాల్లో ఇటుకరంగు ఆకుపచ్చై, ఆకుపచ్చ నీలమైంది. పుండు ఎండింది. రాత్రి నాలుగుసార్లు లేచే మనిషి తెల్లారేదాకా నిద్రపోయింది. కృపానిధి పొంగిపోయాడు. ఇంత బాగా పనిచేస్తున్న మాత్రను తగ్గించమంటారేమోనని డాక్టరమ్మ చెవిన వెయ్యలేదు. నీలం అంటే మూత్రంలో చక్కెర లేదనే. నెత్తురులో ఎంత అడుక్కి దిగిపోయిందో ఆ గొట్టం చెప్పదు. అది అతనికి తెలియనిదేం కాదు, తలుచుకోలేదంతే.

రెండు వారాలు అలా గడిచాక చర్చి సంఘంలో ఉపవాస ప్రార్థన పెట్టారు. ఆ శుక్రవారం పొద్దున్న ఎలీసమ్మ మాత్ర చేతిలో పట్టుకుని అడిగింది.

“ఇయ్యాల సాయంత్రందాకా ఏటీ తినను కదా. మాత్ర ఏసుకోవాలా?”

“మందు తిండి కాదు. ఉపోసం సెడదులే, ఏసుకో,” అన్నాడు ఆ మహానుభావుడు.

మధ్యాహ్నం మూడింటికి ప్రార్థన జోరు మీదుండగా ఎలీసమ్మ గొంతు మారింది. మాట ముద్దగా వచ్చింది. చేతులు వణికాయి. ఏ భాషో తెలియని మాటలు మొదలుపెట్టింది. పక్కనున్న దాలమ్మ అందర్నీ వెనక్కి నెట్టింది.

“తగలకండి. పరిశుద్ధాత్మ దిగినాది,” అంది.

ఆ చర్చిలో ఎప్పుడూ ఎరగని సంగతి. మగవాళ్ళ వైపు కూర్చున్న కృపానిధికి ఒళ్ళు గగుర్పొడిచింది, కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. నా పెళ్ళాం ఎంత పుణ్యాత్మురాలో అనుకున్నాడు. అప్పుడు చూశాడు ఆవిడ రవికను. డిసెంబరు చలిలో పిండితే నీళ్ళు కారేలా తడిసిపోయి ఉంది. ఆ చెమట అతను ఆసుపత్రిలో చక్కెర పడిపోయినవాళ్ళకు పట్టగా చూసిందే. అందర్నీ తోసుకుంటూ వెళ్ళి, ఇంకా మింగగలుగుతోందని చూసుకుని, పక్కింట్లోంచి బెల్లం నీళ్ళు తెప్పించి తాగించాడు. పావుగంటకు తేరుకుని “నాకేటయినాది?” అంది.

ఇంటికి తీసుకొచ్చి అన్నం పెట్టాడు. గండం గడిచిందనుకున్నాడు, తన తప్పు బయటపడకుండా పోయిందని కూడా అనుకున్నాడు. దీపాలు పెట్టే వేళకు ఆవిడ మళ్ళీ వాలిపోయింది. ఈసారి పళ్ళు బిగిశాయి. నోట్లో ఏం పోసినా ఊపిరితిత్తుల్లోకే పోతుందని తెలిసి, బండి కట్టించి ఆసుపత్రికి పట్టుకుపోయాడు. దారంతా పేరు పెట్టి పిలుస్తూనే ఉన్నాడు.

డాక్టరమ్మ నరానికి గ్లూకోజు ఎక్కించాకే గొంతెత్తారు.

“నీలం ఎన్నాళ్ళుగా వస్తన్నాది?”

“రెండు వారాలు, అమ్మా.”

“తిండి తగ్గినప్పుడే మాత్ర తగ్గాలి. ఉపవాసం ఉంటానంటే ముందు నన్నడగాలి. తిండి లేని రోజు ఈ మాత్ర పడకూడదు. బెల్లం, అన్నం గంటో రెండో కాస్తాయి, నీ మాత్ర రెండు రోజులు ఒంట్లో తిరుగుతాది. నువ్వు కంపౌండరువి కదయ్యా.”

రెండు రోజులు గ్లూకోజు ఆపలేదు. ఆపితే మళ్ళీ చెమటలు పట్టేవి. కృపానిధి ఆవిడ మంచం పక్కన కుర్చీ వదల్లేదు. మూడో రోజు పొద్దున్న ఎలీసమ్మ కళ్ళు తేటగా విప్పింది.

“నిన్న మగతలో ఉండగా దాలమ్మ వచ్చినాది. నా నోట దేవుడు మాటాడినాడంట. నిజవేనా?”

ఔననడం ఎంతసేపు. ఆ ముఖంలో అంత వెలుగు ఉంది.

“కాదు. అది మాత్ర. నేను ఏసుకోమన్న మాత్ర.”



“ముప్పై ఏళ్ళు నేనే ఆయనతో మాటాడినాను. ఇన్నాళ్ళకి ఆయన తిరిగి మాటాడినాడనుకున్నాను,” అని గోడవైపు తిరిగి పడుకుంది.