గేటు దగ్గర చదవాల్సిన కాగితం

"కరెంటు పోయి ఏడుగురు సచ్చిపోయేరంట!" అని ఆసుపత్రి గేటు దగ్గర జనం అరుస్తున్నారు.

"మీరు రాసిన ప్రకటన చదివేత్తానమ్మా, లేదంటే గేటు ఇరిసేత్తారు," అన్నాడు కాంపౌండరు గంగాధరం.

"ముందు సీతాలమ్మ భర్తకి చెప్పాలి," అంది డాక్టర్ శ్యామలాదేవి.

కోటవురట్ల నుంచి అప్పుడే వచ్చిన ఆమె భర్త పోతన్నను శ్యామలాదేవి లోపల కూర్చోబెట్టింది. "ఆపరేషన్ మధ్యలో దీపాలు ఆరిపోయాయి. టార్చిలైట్లతో పూర్తిచేశాం. సీతాలమ్మ బతకలేదు. దీపాలు పోవడమే కారణమో కాదో ఇంకా తెలీదు."

పోతన్న గంగాధరం చేతిలోని ప్రకటన వైపు చూశాడు. "ఆ కాయితంలో దాని పేరుందేటమ్మా?"

"లేదు."

"కారణం తెలీదని రాసేరా?"

"రాశాను."

"అయితే సదవమనండి."

గంగాధరం గేటు దగ్గర గట్టిగా చదివాడు. "సాయంత్రం కరెంటు నలభై నిమిషాలు లేదు. ఒకరు మరణించారు. కారణం విచారిస్తున్నాం. మిగతా పదకొండుమంది రోగులు క్షేమం."

అరుపులు ఆగాయి. లోపల పోతన్న అప్పుడు ఏడ్చాడు.